పాత్ర లోపమే తేల్చే క్లైమాక్స్: మొదటి వాక్యం నుంచి చివరి సీను దాకా రాసే పద్ధతి

చదివిపెట్టమని నా దగ్గరకు వచ్చే కథల్లో చాలావాటికి ముగింపు దగ్గర ఒకే జబ్బు కనిపిస్తుంది. ముప్పావు కథ దాకా మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాత మనిషి పక్కకు తప్పుకుంటాడు, ఏదో ఒక సంఘటన వచ్చి కథను తేల్చేస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. "మరి దాన్ని పాత్ర చేతే ఎలా తేల్పించాలి?" అని రాసినవాళ్ళు అడుగుతారు. దానికి నేను పాటించే పద్ధతిని వరసగా రాస్తున్నాను.

ఉదాహరణకు నేను రాసుకున్న ఒక కథనే తీసుకుంటాను. సావిత్రమ్మ తెనాలిలో చీటీలు నడుపుతుంది. ఇరవై మంది సభ్యులు, నెలకు తలా 5,000, ఇరవై నెలలు. నెలకు పోగయ్యేది లక్ష. కమిషన్ లెక్కలు మన పనికి అక్కర్లేదు కాబట్టి వదిలేద్దాం. నాలుగో నెలలో చీటీ పాడుకున్న రమణ తొమ్మిదో నెల నుంచి కట్టడం మానేశాడు. ఇరవయ్యో నెల, అంటే చివరి చీటీ, వెంకాయమ్మది. బడిలో వంట చేసే మనిషి. మనవడి ఫీజు కోసం ఇన్నాళ్ళూ పాడకుండా ఆగింది.

నా మొదటి డ్రాఫ్టులో చివరి రోజు రాత్రి రమణ బాకీ మొత్తం పట్టుకుని తలుపు తట్టాడు. రాసినప్పుడు కళ్ళు చెమర్చాయి. నెల తర్వాత చదివితే, ఆ చివరి రెండు పేజీల్లో సావిత్రమ్మ కుర్చీలో కూర్చోవడం తప్ప ఏమీ చేయలేదని అర్థమైంది. కింద చెప్పేదంతా ఆ డ్రాఫ్టును తిరగరాసిన క్రమమే.

1. లోపాన్ని విశేషణంగా కాదు, అలవాటుగా రాసుకోండి

"సావిత్రమ్మకు అభిమానం ఎక్కువ" అని రాసుకుంటే పని జరగదు. అభిమానం కంటికి కనిపించదు. కనిపించేది అభిమానం చేయించే పని. అందుకే కథ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద ఈ మూడింటినీ కలిపి ఒక వాక్యం రాయండి: ఏది ఎదురైనప్పుడు, ఏం చేస్తుంది, లోపల ఏం నమ్మి అలా చేస్తుంది.

సావిత్రమ్మ వాక్యం ఇది: "తన దగ్గర లేదని బయటపడే పరిస్థితి వచ్చినప్పుడల్లా, ఉందని చెప్పి ఎక్కడినుంచో తెచ్చి ఇస్తుంది, ఎందుకంటే చేయి ఖాళీ అని తెలిసిన రోజున తనను ఎవరూ మనిషిగా లెక్కచేయరని నమ్ముతుంది."

వాక్యం సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. అదే అలవాటు ఆ మనిషికి మంచి పేరు కూడా తెచ్చి ఉండాలి. "సావిత్రమ్మ మాటే నోటు" అని వీధిలో అంటారు. అడిగితే లేదనదు, చెప్పిన తేదీ తప్పదు. ఇరవై మంది ఆమె దగ్గర డబ్బు కట్టింది అందుకే. గుణమూ లోపమూ ఒకే వేరు నుంచి వచ్చినప్పుడే పాఠకుడు ఆ లోపాన్ని కథ మొదట్లో చూసి ఇష్టపడతాడు, చివర్లో చూసి భయపడతాడు.

తాగుడు, బద్ధకం, కోపం లాంటివి రాసుకుంటే అక్కడ ఆగకండి. వాటి వెనకున్న నమ్మకం ఏమిటో తవ్వండి. నమ్మకం దొరకని లోపంతో క్లైమాక్స్ నిలబడదు, ఎందుకంటే ఆఖరి క్షణంలో మనిషి చేత పని చేయించేది ఆ నమ్మకమే.

2. ఫలితాన్ని ముందే ఎంచుకోండి

లోపం తేల్చే ముగింపులు మూడు రకాలు. లోపం వల్ల పాత్ర ఓడిపోవచ్చు. లోపాన్ని దాటి, దానికి ధర చెల్లించి గెలవచ్చు. లేదా లోపం వల్లే కోరుకున్నది దక్కించుకుని, అంతకన్నా విలువైనది పోగొట్టుకోవచ్చు.

రెండో రకాన్ని చాలామంది మరచిపోతారు. "లోపం తేల్చాలి" అంటే పాత్ర పాడైపోవాలనే అర్థం లేదు. లోపంతో తలపడటం మీదే ఫలితం ఆధారపడితే చాలు. కాకపోతే దాటిన మనిషికి ఏదో పోవాలి. సావిత్రమ్మ "లేవు వెంకాయమ్మా" అని నలుగురి ముందు అనగలిగితే, మరుసటి నెల కొత్త చీటీలో పదిమంది కూడా చేరరు. అది రాయకపోతే మార్పు మాటగానే మిగిలిపోతుంది.

నేను మూడోదాన్ని ఎంచుకున్నాను. సావిత్రమ్మ మాట నిలబడుతుంది. కూతురు దూరమవుతుంది.

3. అదే అలవాటును ముందు మూడుసార్లు చూపించండి, ధర పెంచుతూ

క్లైమాక్స్‌లో పాత్ర చేసే పని పాఠకుడికి ఆశ్చర్యంగా ఉండకూడదు, ఆందోళనగా ఉండాలి. "అయ్యో, మళ్ళీ అదే చేస్తుందేమో" అనిపించాలి. అలా అనిపించాలంటే ఆ పనిని ముందే చూసి ఉండాలి.

మొదటిసారి అలవాటు మేలు చేయాలి. ఎదురింటావిడ పిల్లాడికి జ్వరమని రాత్రి పదకొండింటికి వస్తే, తన ఇంట్లో సరుకుల డబ్బు తీసి ఇస్తుంది, "నాకేం తక్కువ వదినా" అంటుంది. పాఠకుడు ఆమె పక్షాన చేరిపోతాడు.

రెండోసారి ఆమెకే చిన్న నష్టం కలగాలి. రమణ కట్టని 5,000 ఎవరికీ చెప్పకుండా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వేస్తుంది. తొమ్మిదో నెల నుంచి పంతొమ్మిదో నెల దాకా, పదకొండు సార్లు. అసలు 55,000 అయింది. ఒక్కో ఐదువేలకు నెలకు 150 వడ్డీ చొప్పున, ఇరవయ్యో నెలకు వడ్డీ 9,900. మొత్తం 64,900. ఈ లెక్క కథలో చెప్పనక్కర్లేదు గానీ రాసేవాళ్ళ దగ్గర ఉండి తీరాలి. అది లేకపోతే చివర్లో ఎంత కావాలో, ఎంత ఉందో మనకే తెలియదు. తెలియనిచోట అదృష్టం దూరుతుంది.

మూడోసారి ధర ఇంకొకరి మీద పడాలి. చివరి చీటీ రోజు పొద్దున వడ్డీకిచ్చిన మనిషి వాకిట్లో నిలబడి అడుగుతాడు. పక్కింటివాళ్ళు చూస్తున్నారు. "రెండు రోజులాగండి" అంటే ఆగేవాడే. ఆమె లోపలికెళ్ళి ఆ నెల వసూలైన 95,000 లోంచి 64,900 తెచ్చి చేతిలో పెడుతుంది. బీరువాలో మిగిలింది 30,100. అది వెంకాయమ్మ డబ్బు.

ఈ మూడింటి మధ్యా ఎడం ఉండాలి. పది పేజీల కథైతే మొదటిది ఒకటో పేజీలో, రెండోది నాలుగో పేజీ చుట్టుపక్కల, మూడోది ఏడో పేజీకి వస్తే సరిపోతుంది. మూడూ ఒకచోట చేరితే జాబితాలా కనిపిస్తాయి.

4. బయటి దారులన్నీ మూయండి

ఇప్పుడు కాగితం తీసుకుని, ఈ చిక్కును పాత్ర ప్రమేయం లేకుండా తేల్చగలిగిన ప్రతి మనిషినీ, ప్రతి సంఘటననూ రాయండి. ఒక్కొక్కదాన్నీ కథలో ముందుగానే మూసేయండి. నా జాబితా ఇది:

- రమణ తిరిగి రావడం: అతని ఆటో బోల్తా పడి కాలు విరిగింది. పనిలేదు. రెండో పావు కథలోనే చెప్పేశాను.
- భర్త: లేడు. మొదటి పేరాలోనే గోడమీద ఫోటో ఉంది.
- బ్యాంకు లోను: ఒక రాత్రిలో రాదు.
- వెంకాయమ్మ హఠాత్తుగా చనిపోవడం లేదా డబ్బు వద్దనడం: కాలేజీ ఫీజుకు సోమవారం ఆఖరి రోజు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. రమణ ఆటో బోల్తాపడటం కాకతాళీయం కాదా? అవును, అదే. కానీ అది చిక్కు తెచ్చింది, తీర్చలేదు. పైగా కథ మధ్యలోకి రాకముందే వచ్చింది. కాకతాళీయం ఎంత ముందుగా వస్తే పాఠకుడు అంత సులువుగా ఒప్పుకుంటాడు. చివరి పావులో వస్తే, మేలు చేసినా కీడు చేసినా ఒప్పుకోడు. ఆఖర్న లారీ గుద్ది నాయకుణ్ణి చంపడం, ఆఖర్న లాటరీ తగిలి బతికించడం రెండూ ఒకే తప్పు. విషాదంగా ఉంది కదా అని మొదటిదాన్ని చాలామంది వదిలేస్తారు.

5. ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంచండి

మొత్తం పద్ధతిలో బరువైన అడుగు ఇదే. ఎక్కువ డ్రాఫ్టులు చెడేదీ ఇక్కడే.

బయటి దారులన్నీ మూసేశాక చాలామంది ఉన్న ఆ ఒక్క మంచి దారినీ మూసేస్తారు. పాత్రకు వేరే గతి ఉండదు. అప్పుడు ఓటమి పరిస్థితిది అవుతుంది, లోపానిది కాదు. లోపం తేల్చాలంటే బయటపడే దారి ఒకటి కళ్ళెదుట ఉండాలి, చేతికి అందాలి, పాఠకుడికి కనిపించాలి. పాత్రకూ ఆ దారికీ మధ్య అడ్డంగా ఆ ఒక్క అలవాటే నిలబడాలి.

భారతంలో జూదం కథను గుర్తుచేసుకోండి. మొదటి జూదంలో పోయినదంతా ద్రౌపది అడిగిన వరాల పుణ్యమా అని ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. కథ అక్కడితో ఆగితే అదృష్టం తేల్చినట్టే. కానీ ఇంటిదారి పట్టిన ధర్మరాజును మళ్ళీ పిలిచారు. ఏం జరుగుతుందో ఇప్పుడు ఆయనకు తెలుసు. అయినా పెద్దల పిలుపును, ఆటకు పిలిచిన పిలుపును కాదనలేని మనిషి. వెళ్ళాడు. పన్నెండేళ్ళ వనవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో వచ్చినవే. తలుపు పూర్తిగా తెరిచి ఉంది, తనంతట తానే వెనక్కి నడిచాడు. పెద్దల మాట జవదాటడన్న మంచి పేరూ అదే గుణానిది.

తలుపు బలంగా ఉండాలంటే దాన్ని తెరిచేది ఎక్కువ నష్టపోబోయే మనిషే కావాలి. నా మొదటి ప్రయత్నంలో సావిత్రమ్మ కూతురు "నిజం చెప్పేయమ్మా" అంటుంది. అది సలహా. వినకపోతే ఎవరికీ ఏమీ అనిపించదు. తిరగరాసినప్పుడు ఆ మాట వెంకాయమ్మ నోట పెట్టాను. అదీ సరిగ్గా బీరువాలో ఉన్న అంకెకు సరిపోయేలా:

"రమణ కట్టట్లేదని మాకందరికీ తెలుసు సావిత్రమ్మా. నువ్వేగా ఇన్నాళ్ళూ మోసింది. నాకు సోమవారానికి ముప్పైవేలు చాలు. మిగతాది నిదానంగా ఇయ్యి."

బీరువాలో 30,100 ఉన్నాయని పాఠకుడికి తెలుసు. లోపలికెళ్ళి తెచ్చి ఇస్తే కథ సుఖంగా ముగుస్తుంది. ఇంతకన్నా తేలికైన దారి ఉండదు. ఆ దారిలో నడవడానికి ఆమె ఒప్పుకోవలసింది ఒక్కటే: నా దగ్గర లేవు అని.

6. సీను రాసే క్రమం

సీన్ని ఈ వరసలో రాయండి: ఒత్తిడి, తెరిచిన తలుపు, తటపటాయింపు, పని, వెంటనే వచ్చే ఫలితం. వరస తప్పితే బిగువు పోతుంది. ముఖ్యంగా తటపటాయింపును తలుపు తర్వాతే పెట్టాలి. ముందే పెడితే పాత్ర దేని గురించి ఊగిసలాడుతోందో తెలియదు.

తటపటాయింపు దగ్గర మనసులోని మాటలు రాయకండి. చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. నా కథలో ఆ చోటు ఇలా వచ్చింది:

సావిత్రమ్మ బొడ్లో దోపుకున్న బీరువా తాళం మీద చెయ్యి వేసింది. అరుగుమీద పన్నెండుమంది ఉన్నారు. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు, చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నట్టున్నారు. ఆ సంగతి ఆమెకు తెలిసింది.

"రమణ కట్టట్లేదని ఎవరన్నారు నీకు?" అంది. "రేప్పొద్దున పదింటికి రా. లక్షా నీ చేతిలో పెడతాను. కాఫీ తాగి వెళ్ళండి అందరూ."

పాల గిన్నె పొయ్యి మీద పెట్టేటప్పుడు చూసుకుంది. పాలు ముగ్గురికి కూడా చాలవు. చెంబెడు నీళ్ళు పోసింది.

ఇందులో అభిమానం అన్న మాట ఎక్కడా లేదు. తెరిచిన తలుపు మూసుకోవడానికి కారణం జాలి. వాళ్ళు జాలిపడుతున్నారని ఆమెకు తెలిసిన క్షణంలోనే అలవాటు లేచి నిలబడింది. మీ కథలో కూడా లోపాన్ని లేపే ఆ చిన్న స్పర్శ ఏమిటో వెతకండి. నీళ్ళు కలిపిన పాలు తర్వాత రాబోయేదానికి చిన్న నమూనా.

తర్వాతి పని: ఆ రాత్రి బీరువాలో కూతురు దాచమని ఇచ్చిన గాజులు. పొద్దున తొమ్మిదింటికి బంగారం మీద అప్పిచ్చే దుకాణం. పదింటికి వెంకాయమ్మ చేతిలో లక్ష. "సావిత్రమ్మ మాటే నోటు" అని అరుగుమీద మళ్ళీ ఎవరో అంటారు. ఈ భాగాన్ని ఎనిమిది వాక్యాల్లో ముగించాను. పని జరిగిపోయాక వర్ణన పెంచితే పాఠకుడు ముందుకెళ్ళిపోతాడు.

7. క్లైమాక్స్ తర్వాతి సీన్లో రక్షించకండి

ఒక సీను బాగా వచ్చాక మనకు పాత్ర మీద జాలి కలుగుతుంది. అక్కడే చేయి జారుతుంది. కూతురు క్షమించేయడం, వెంకాయమ్మకు సంగతి తెలిసి డబ్బు తిరిగి తేవడం లాంటివి తోస్తాయి. రాయకండి. లోపం తెచ్చిన ఫలితాన్ని లోపం చేతే ఒకసారి ముట్టించండి, చాలు.

శుక్రవారం కూతురు ఏదో పెళ్ళికి వెళ్ళాలని వచ్చి గాజులు అడుగుతుంది. "అమ్మా, ఉన్నాయిగా?" అంటే, "ఎక్కడికి పోతాయి, భద్రంగా ఉన్నాయి. ముందు అన్నం తిను" అంటుంది సావిత్రమ్మ. కూతురు తింటూ తింటూ బీరువా వైపు చూస్తుంది. తాళం వేసి లేదు. కథ అక్కడ ఆగింది.

8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

*లోపం క్లైమాక్స్‌లోనే మొదటిసారి కనిపించడం.* క్లైమాక్స్‌ను ముట్టుకోకండి. వెనక్కి వెళ్ళి మొదటి పేజీలో ఆ అలవాటు మేలుచేసే సీను ఒకటి రాయండి. చాలాసార్లు దానితోనే నయమవుతుంది.

*వేషం వేసుకున్న కాకతాళీయం.* తలుపు చాటున మాటలు వినబడటం, పాత పెట్టెలో వీలునామా దొరకడం, సరిగ్గా అప్పుడే పోలీసులు రావడం. ఆ సంఘటనను పాత్ర ముందు చేసిన పనికి ఫలితంగా మార్చగలరేమో చూడండి. పోలీసుల్ని పిలిచింది పాత్రే అయితే, పిలవడం వల్ల తనకూ నష్టముంటే అది కాకతాళీయం కాదు. అలా మార్చలేకపోతే తీసేయండి.

*ఎదుటివాడి లోపం తేల్చడం.* విలన్ తొందరపడి నోరుజారాడు, నాయకుడు గెలిచాడు. ఇది పైకి పాత్ర వల్ల జరిగినట్టే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. ఆ సీన్లో ఆఖరి నిర్ణయం ఎవరిదో గీత గీసి చూడండి. మీ ప్రధానపాత్రది కాకపోతే సీను తిరగరాయాలి.

*పాత్ర తన లోపాన్ని తానే ఉపన్యాసంలా చెప్పుకోవడం.* "నా అహంకారమే నన్ను ముంచింది" లాంటి వాక్యం కనిపిస్తే కొట్టేసి, దాని ముందు వాక్యంతో ఆపి చదవండి. అర్థమైతే ఆ వాక్యం అక్కర్లేదు. అర్థం కాకపోతే మూడో అడుగులో ఏదో తక్కువైంది.

9. పంపేముందు చూసుకోవలసినవి

ఇందులో మొదటి రెండూ అసలు పరీక్షలు. వాటిలో తప్పితే మిగతావి చూడటం దండగ.

- మనిషిని మార్చి చూడండి. సావిత్రమ్మ స్థానంలో ఎదురింటావిడను కూర్చోబెడితే ముగింపు మారుతుందా? ఎదురింటావిడ ముప్పైవేలు ఇచ్చి ఊపిరి పీల్చుకుంటుంది. మారింది కాబట్టి తేల్చింది లోపమే. మారకపోతే తేల్చింది పరిస్థితి.
- చివరి పావు కథలో పాత్ర ప్రమేయం లేకుండా జరిగిన ప్రతిదాని కిందా గీత గీయండి. గీత గీసినదాన్ని తీసేస్తే ఫలితం మారుతోందా?
- తెరిచిన తలుపు ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపగలరా?
- ఆ తలుపు తెరిచింది నష్టపోబోయే మనిషేనా?
- అలవాటు ముందు మూడుసార్లు వచ్చిందా? అందులో ఒక్కసారైనా మేలు చేసిందా?
- డబ్బు, రోజులు, దూరాల లెక్క కాగితం మీద సరిపోయిందా?
- లోపం పేరు కథలో ఎక్కడైనా పైకి చెప్పారా? చెబితే కొట్టేశారా?

కథ ఎవరికైనా చదవడానికి ఇస్తే, బాగుందా అని అడగకండి. చివరి సీనుకు ముందు పేజీ దగ్గర ఆపించి, "ఇప్పుడేం చేస్తుందనుకుంటున్నారు?" అని అడగండి. "చేయకూడదు గానీ, అదే చేస్తుంది" అన్న జవాబు వస్తే సీన్ని ఇక కదపక్కర్లేదు. "ఏమో, ఎవరైనా వస్తారేమో" అంటే నాలుగో అడుగుకు వెళ్ళి, ఏ తలుపు మూయడం మరిచారో వెతకండి.